చేతులు ముడిచిన స్కేటర్‌కి ఆ అదనపు శక్తి ఎక్కడిది?

ప్రశ్న: ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నాను సార్. మంచు మీద గిర్రున తిరిగే స్కేటర్ చేతులు దగ్గరికి తీసుకుంటే వేగం పెరుగుతుందని, కోణీయ ద్రవ్యవేగం L = Iω మారదని చెప్పారు. అది అర్థమైంది. కానీ లెక్క వేస్తే గతిజశక్తి కూడా పెరుగుతోంది. బయటి నుంచి ఎవరూ తోయలేదు కదా, ఆ శక్తి ఎక్కణ్ణించి వచ్చింది? శక్తి నిత్యత్వం తప్పినట్టేనా? నిజానికి దగ్గరగా ఉండే అంకెలతో ఒక లెక్క చేసి చూపిస్తారా?

జవాబు:

శక్తి ఆమె భుజాల కండరాల నుంచి వచ్చింది. క్లాసులో అడిగితే ఈ ఒక్క ముక్క చెప్పి తర్వాతి లెక్కకి వెళ్లిపోతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే వెళ్లిపోయాను. ఒకసారి ఒక కుర్రాడు లేచి, "సార్, ఆమె చేతుల్ని లోపలికి లాగింది గానీ పక్కకి తిప్పలేదు కదా, లోపలికి లాగితే చుట్టూ తిరిగే వేగం ఎలా పెరుగుతుంది?" అన్నాడు. అప్పటికప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి వేసుకున్న లెక్కే ఇది. జౌల్ జౌల్‌కీ లెక్క తేలుతుంది, కాగితం దగ్గర పెట్టుకుని చదువు.

ముందు మనిషిని తయారుచేద్దాం. స్కేటర్ బరువు 50 కిలోలు. మనిషి బరువులో ఒక్కో చెయ్యి సుమారు 5 శాతం ఉంటుంది, కాబట్టి ఒక్కో చెయ్యి 2.5 కిలోలు. మిగిలిన 45 కిలోల్నీ (తల, మొండెం, కాళ్లు) 15 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న నిలువు స్తూపం అనుకుందాం. దాని జడత్వ భ్రామకం ½ × 45 × 0.15² = 0.506. దీన్ని 0.5 కి.గ్రా-మీ² అని రాసుకుందాం. చేతులు ఎక్కడున్నా ఈ 0.5 మారదు. ఈ సంగతి గుర్తుంచుకో, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు చేతులు. పక్కలకి చాచినప్పుడు ఒక్కో చెయ్యి 60 సెంటీమీటర్ల కడ్డీ లాంటిది. అది అక్షం దగ్గర మొదలవ్వదు, భుజం దగ్గర, అంటే అక్షానికి 20 సెంటీమీటర్ల దూరంలో మొదలై 80 దగ్గర ముగుస్తుంది. దాని మధ్యబిందువు 0.5 మీటర్ల దూరంలో ఉంటుంది. సమాంతర అక్షాల సిద్ధాంతం వాడితే

I = 2.5 × (0.5² + 0.6²/12) = 2.5 × 0.28 = 0.7

రెండు చేతులకీ కలిపి 1.4. మొండెంతో కలిపి మొత్తం 1.9. చేతుల్ని ఛాతీ మీదికి ముడుచుకున్నప్పుడు వాటి బరువు సగటున 20 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే ఒక్కోదానికి 2.5 × 0.04 = 0.1, రెండింటికీ 0.2. మొత్తం 0.7.

చేతులు రెండూ కలిపి బరువులో పదో వంతే. అయినా చాచినప్పుడు మొత్తం జడత్వ భ్రామకంలో నాలుగింట మూడు వంతులు వాటిదే. దూరానికి వర్గం పడుతుంది కాబట్టి ఇలా వస్తుంది.

చేతులు చాచి సెకనుకి ఒకటిన్నర చుట్లు తిరుగుతోందనుకో. ω = 1.5 × 2π = 9.42 రేడియన్లు/సె.

L = 1.9 × 9.42 = 17.9 కి.గ్రా-మీ²/సె.

ముడుచుకున్నాక ω = 17.9 / 0.7 = 25.6 రేడియన్లు/సె. అంటే సెకనుకి 4.07 చుట్లు, నిమిషానికి దాదాపు 244. మంచి స్కేటర్లు నిలబడి చేసే స్పిన్‌లో ఇది మామూలుగా కనిపించే వేగమే, కాబట్టి మన బొమ్మ మనిషి మరీ అడ్డగోలుగా ఏం లేదు.

గతిజశక్తి ముందు ½ × 1.9 × 9.42² = 84 జౌల్స్. తర్వాత ½ × 0.7 × 25.6² = 229 జౌల్స్. తేడా 145 జౌల్స్. నువ్వు అడిగింది ఈ 145 గురించే.

ఇక్కడ ఒక చిన్న మాట. నేను దిద్దిన పేపర్లలో ఎక్కువమంది జారిపడేది ఈ మెట్టు మీదే. వేగాల నిష్పత్తి కోసం చుట్లు/సె వాడినా పరవాలేదు, 2π రెండు వైపులా ఉండి కొట్టుకుపోతుంది. కానీ ½Iω² లో 1.5 అని వేస్తే 2.1 జౌల్స్ వస్తుంది. అసలు విలువలో నలభయ్యో వంతు. యాభై కిలోల మనిషి గిర్రున తిరుగుతుంటే రెండు జౌల్సే వచ్చాయంటే, అది ఒక లీటరు నీళ్ల సీసాని జానెడు ఎత్తు లేపినంత పని. జవాబు చూడగానే అనుమానం రావాలి.

ఇక అసలు సంగతి. చేతిని లోపలికి లాగడానికి ఎంత బలం కావాలి? తిరుగుతున్న వస్తువుని వృత్తంలో పట్టి ఉంచాలంటేనే mrω² అభికేంద్ర బలం కావాలి. నెమ్మదిగా లోపలికి తేవాలన్నా దాదాపు అంతే, చిటికెడు ఎక్కువ. లెక్క తేలిగ్గా ఉండటానికి చెయ్యి బరువంతా దాని భ్రమణ వ్యాసార్ధం దగ్గర ఒక్కచోటే ఉందనుకుందాం. చాచినప్పుడు అది √0.28 = 0.53 మీటర్లు, ముడిచినప్పుడు 0.2 మీటర్లు. అంటే చెయ్యి 33 సెంటీమీటర్లు లోపలికి వస్తోంది. అది వచ్చేకొద్దీ మొత్తం I తగ్గుతుంది, ω పెరుగుతుంది, కావలసిన బలమూ పెరుగుతూ పోతుంది.

0.53 మీటర్ల దగ్గర ఒక్కో చేతికి 117 న్యూటన్లు కావాలి. ఊరికే చేతులు చాచి తిరుగుతూ ఉండటానికే ఇది, సుమారు 12 కిలోల బరువు చేతిని బయటికి గుంజుతున్నట్టు. 0.4 మీటర్ల దగ్గర I = 1.3, ω = 13.8, బలం 190 న్యూటన్లు. 0.3 దగ్గర I = 0.95, ω = 18.8, బలం 266. చివరికి 0.2 దగ్గర 327 న్యూటన్లు, అంటే 33 కిలోల బరువు. దూరం తగ్గింది కాబట్టి బలం తగ్గాలి కదా అనిపిస్తుంది. r తగ్గినదానికంటే ω² ఎక్కువగా పెరుగుతోంది, అందుకే చివర్లోనే కష్టం ఎక్కువ. స్పిన్ చేసేవాళ్లని అడిగితే ఆఖరి జానెడే కష్టమంటారు.

బలం × దూరం = పని. ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్కలో సగటు బలంతో కూడుదాం. 0.53 నుంచి 0.4 దాకా సగటు 153, దూరం 0.13, పని 20 జౌల్స్. 0.4 నుంచి 0.3 దాకా 228 × 0.1 = 23. 0.3 నుంచి 0.2 దాకా 296 × 0.1 = 30 (పైసలు సరిచేశాను). మొత్తం 73. రెండు చేతులకీ 145, 146.

చూశావా, గతిజశక్తుల తేడాతో సరిపోయింది. మొదటి లెక్కలో బలం అన్న మాటే లేదు, L మారదన్న ఒక్క నియమమే ఉంది. రెండో లెక్కలో కండరం ఎంత లాగింది, ఎంత దూరం లాగింది అన్నదే ఉంది. (సమాకలనం వచ్చిన వాళ్లకి: ∫mrω²dr లో ω = L/I పెట్టి చూడండి, రెండు చేతులకీ కలిపి సరిగ్గా L²/2 × (1/0.7 − 1/1.9) వస్తుంది. అది గతిజశక్తుల తేడాయే.)

శక్తి నిత్యత్వం తప్పలేదు. గతిజశక్తి ఒక్కటే స్థిరంగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. లోపలి బలాలు కోణీయ ద్రవ్యవేగాన్ని మార్చలేవు, ఎందుకంటే భుజం చేతి మీద చూపే టార్కూ, చెయ్యి భుజం మీద చూపే టార్కూ సమానంగా, ఎదురెదురుగా ఉండి రద్దవుతాయి. పని విషయంలో అలాంటి రద్దు లేదు. చెయ్యి 33 సెంటీమీటర్లు కదిలింది, అక్షం ఉన్నచోటే ఉంది. బలాలు సమానమైనా దూరాలు సమానం కావు.

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్న. లోపలికి లాగిన బలం చుట్టూ తిరిగే వేగాన్ని ఎలా పెంచింది?

చెయ్యి ఒకే దూరంలో ఉండి తిరుగుతున్నంతసేపూ దాని దారి వృత్తం. లోపలికి లాగే బలం ఆ దారికి లంబంగా ఉంటుంది, పని సున్నా. లాగడం మొదలుపెట్టగానే దారి వృత్తం కాదు, లోపలికి చుట్టుకునే సర్పిలం అవుతుంది. సర్పిలం మీద వెళ్లే వస్తువు వేగంలో కొంత భాగం కేంద్రం వైపు ఉంటుంది. కాబట్టి కేంద్రం వైపు లాగే బలం దారికి పూర్తిగా లంబంగా ఉండదు, కాస్త ముందుకు వాలి ఉంటుంది. ఆ వాలే వేగాన్ని పెంచుతుంది. పక్కకి తోయనక్కర్లేదు.

మరి చేతికి వచ్చిన వేగం ఒంటికి ఎలా అందింది? ఇది పుస్తకాల్లో దాదాపుగా కనపడదు, నాకు మాత్రం ఈ లెక్క మొత్తంలో ఎక్కువ నచ్చేది ఇదే. చెయ్యి ఒంటికి అతుక్కుని లేదని ఊహించు. నున్నటి దారంతో కేంద్రం వైపు లాగుతున్న ఒంటరి వస్తువు అది. దాని r² 0.28 నుంచి 0.04కి, అంటే ఏడో వంతుకి పడింది కాబట్టి ω ఏడు రెట్లవ్వాలి. సెకనుకి పదిన్నర చుట్లు! మొండెమేమో ఇంకా ఒకటిన్నర దగ్గరే ఉంటుంది. కానీ రెండూ భుజం దగ్గర కట్టేసి ఉన్నాయి. చెయ్యి ముందుకు పరిగెత్తబోతుంది, మొండెం దాన్ని వెనక్కి పడుతుంది, ఆ గుంజుడులో మొండెం తనే ముందుకు లాక్కుపోబడుతుంది. చివరికి ఇద్దరూ రాజీపడ్డ వేగం 4.07 చుట్లు.

దీన్ని అంకెల్లో చూస్తే ఇంకా బాగుంటుంది. మొదట కోణీయ ద్రవ్యవేగంలో చేతులది 1.4 × 9.42 = 13.2, మొండెంది 0.5 × 9.42 = 4.7. చివర్లో చేతులది 0.2 × 25.6 = 5.1, మొండెంది 12.8. రెండుసార్లూ మొత్తం 17.9. అంటే చేతుల దగ్గరున్న 8.1 మొండెం ఖాతాకి మారింది. L స్థిరం అంటే ఏమీ జరగలేదని కాదు. ఇంట్లో డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి వెళ్లినట్టు, మొత్తం మాత్రం అదే.

శక్తి ఖాతా ఇంకా విచిత్రం. చేతుల గతిజశక్తి ముందు 62 జౌల్స్, తర్వాత 65. దాదాపు ఏమీ మారలేదు! వేగం చూసినా అంతే, భ్రమణ వ్యాసార్ధం దగ్గర ముందు 0.53 × 9.42 = 5.0 మీ/సె, తర్వాత 0.2 × 25.6 = 5.1 మీ/సె. మొండెం మాత్రం 22 జౌల్స్ నుంచి 164కి ఎగబాకింది. కండరాలు 145 జౌల్స్ పని చేసింది చేతుల మీద, అందులో దాదాపు అంతా చేతుల గుండా భుజాల దారిన మొండెంలోకి వెళ్లిపోయింది. (చేతుల వేగం ఇలా సరిసమానంగా రావడం ఈ అంకెల వల్ల కుదిరింది, నియమమేమీ కాదు. మొండెం ఇంకా సన్నగా ఉంటే చేతుల వేగమూ పెరిగేది.)

"నిజంగా L యే స్థిరమని ఎలా నమ్మాలి, గతిజశక్తి స్థిరంగా ఉండి ఉండొచ్చు కదా" అని ఎవరైనా అంటే దాన్నీ తేల్చొచ్చు. గతిజశక్తి మారకపోతే వేగం √(1.9/0.7) = 1.65 రెట్లే పెరగాలి, అంటే సెకనుకి రెండున్నర చుట్లు. L మారకపోతే 2.7 రెట్లు, నాలుగు చుట్లు. ఈ తేడా కంటికే తెలుస్తుంది. ఏదైనా పోటీ వీడియో పెట్టుకుని, చేతులు చాచి ఉన్నప్పుడు ఒక చుట్టుకి ఎన్ని ఫ్రేములు పడుతున్నాయో, ముడిచాక ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టు. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో మన స్కేటర్‌కి ముందు 20 ఫ్రేములు పడతాయి, తర్వాత ఏడు, ఎనిమిది. ఇంట్లో తిరిగే కుర్చీలో కూచుని రెండు చేతుల్లో నీళ్ల సీసాలు పట్టుకుని చేసినా వేగం పెరగడం తెలుస్తుంది గానీ, అంకెలు సరిపోతాయని ఆశ పెట్టుకోకు. కుర్చీ బేరింగు ఘర్షణ చాలా తినేస్తుంది, పైగా ముందుకి చాపిన కాళ్లు మొండెం I ని బాగా పెంచేస్తాయి కాబట్టి చేతుల ప్రభావం పలచబడుతుంది.

ఘర్షణ మాట వచ్చింది కాబట్టి, మంచు మీద L నిజంగా మారదా? కొద్దిగా మారుతుంది. అందరూ మంచునే అనుమానిస్తారు. మంచు మీద బ్లేడుకి ఘర్షణ గుణకం 0.005 అనుకుంటే ఘర్షణ బలం రెండున్నర న్యూటన్లే. పైగా అది పాదం ముందు భాగం కింద, అక్షానికి రెండు సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది కాబట్టి టార్క్ 0.05 న్యూటన్-మీటర్లు. 17.9 ముందు అది లెక్కలోకే రాదు. గాలి అలా కాదు. చాచిన చేతుల కొసలు 7.5 మీ/సె తో గాలిని కోస్తుంటాయి. చెయ్యి వెడల్పు 8 సెంటీమీటర్లుగా తీసుకుని అంచనా వేస్తే రెండు చేతులకీ కలిపి 0.9 న్యూటన్-మీటర్ల దాకా వస్తుంది. అంటే చేతులు చాచి ఉన్నంతసేపూ సెకనుకి L లో 5 శాతం పోతుంది. చేతులు లోపలికి తెచ్చేది ఒక్క సెకను లోపే, అందులోనూ దూరం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి ఆ వ్యవధిలో రెండు మూడు శాతం కంటే పోదు. మన 4.07 చుట్లు 3.95 అవుతాయేమో. L స్థిరం అన్నది ఆ ఒక్క సెకనుకి మంచి లెక్క, నిమిషానికి కాదు.

ఇంకో పరిమితి మొండెం తాలూకు 0.5. చేతులు పూర్తిగా మాయమైపోయినా I అంతకంటే తగ్గదు, కాబట్టి చేతులతో మాత్రమే వేగం 3.8 రెట్లు దాటదు. గైడ్లలో "స్కేటర్ జడత్వ భ్రామకం పదో వంతు అయింది" అని ఇచ్చే లెక్కలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిజం స్పిన్‌లో 3.8 కంటే ఎక్కువ వచ్చేది కాలి వల్ల. మొదట ఒక కాలు ముందుకి ఎత్తి, గుండ్రంగా తిప్పుకుని, తర్వాత నిలబడ్డ కాలికి అడ్డంగా దించుతారు. కాలు సుమారు 8 కిలోలు, దాని మధ్యభాగం 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అదొక్కటే 1.2, 1.3 కలుపుతుంది, దాదాపు రెండు చేతులంత. అప్పుడు మొదటి I మూడు దాటుతుంది, నిష్పత్తి నాలుగున్నర దాకా వెళ్తుంది. నీ లెక్క సులువుగా ఉండాలని కాలిని వదిలేశాను.

పై హద్దు ఎక్కడ? 2015లో వార్సాలో కెనడా స్కేటర్ ఒలీవియా రిబిట్స్కా-ఆలివర్ నిమిషానికి 342 చుట్లతో గిన్నిస్ రికార్డు పెట్టింది. మన 50 కిలోల స్కేటర్ ఆ వేగానికి చేరాలంటే ముడిచిన చేతుల్ని పట్టి ఉంచడానికే ఒక్కోదానికి 640 న్యూటన్లు కావాలి. వేగం 1.4 రెట్లే, బలం మాత్రం రెండింతలు. నియమానికి పై హద్దు లేదు, భుజానికి ఉంది.

రెండు చేతులూ ఒకే తీరున రాకపోతే ఇంకో తంటా. ఒకటి ముందు, ఒకటి వెనక వస్తే గరిమనాభి పక్కకి జరుగుతుంది, స్కేటర్ నిలిచిన చోటే తిరగకుండా మంచు మీద జరిగిపోతుంది. దాన్ని వాళ్లు ట్రావెలింగ్ అంటారు. చూడటానికి మంచు చాలు: మంచి స్పిన్ తర్వాత చిన్న చిన్న వలయాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, ట్రావెల్ అయితే గొలుసులా సాగిపోయి ఉంటాయి.

అసలు ఆ 17.9 ఎక్కణ్ణించి వచ్చిందని కూడా అడుగుతావు. అది బయటి టార్కే. స్పిన్‌లోకి వచ్చేముందు వంపు తిరుగుతూ బ్లేడు అంచుతో మంచుని తోస్తుంది, మంచు తిరిగి తోస్తుంది. గెంతులో ఐతే పాదం మంచుని వదిలిన క్షణం నుంచీ L కి తాళం పడ్డట్టే. 2022 సెప్టెంబరులో అమెరికా కుర్రాడు ఇలియా మాలినిన్ పోటీలో మొదటిసారిగా నాలుగున్నర చుట్ల ఆక్సెల్ అనే గెంతు వేసి దిగాడు. గాలిలో ఉండేది సుమారు ముప్పావు సెకను. ఆ లోపల చుట్లన్నీ పూర్తవ్వాలంటే పైకి లేస్తూనే చేతులు ఒంటికి అదిమెయ్యాలి, ఆలస్యమైతే కొనుక్కోవడానికి అక్కడ టార్క్ దొరకదు.

దిగేటప్పుడు మళ్లీ చేతులు చాస్తారు. I 0.7 నుంచి 1.9కి, వేగం నాలుగు చుట్ల నుంచి ఒకటిన్నరకి. ఈసారి 145 జౌల్స్ తగ్గుతాయి. చేతులు బయటికి ఎగిరిపోబోతుంటే కండరాలు వాటిని ఆపుతూ వదులుతాయి, అంటే వాటి మీద రుణాత్మక పని చేస్తాయి. కండరం స్ప్రింగు కాదు కాబట్టి ఆ శక్తిని దాచుకుని తిరిగి ఇవ్వదు, దాదాపు అంతా వేడిగా పోతుంది. అందుకే గాలి, మంచు రెండూ లేని చోట ఒకామె చేతులు పదిసార్లు ముడిచి పదిసార్లు చాచిందనుకో, ఆమె L మొదట ఉన్నంతే ఉంటుంది, తిరిగే వేగం కూడా మొదటి ఒకటిన్నర చుట్లే, భుజాలు మాత్రం 1,450 జౌల్స్ పని చేసి అలిసిపోయి ఉంటాయి.